‘చూళ్లేదు’ అన్న మాటను ‘రాలేదు’గా రాసిన రోజు

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తాగా ఉన్నప్పటి సంగతి ఇది. తోతాపురి సీజన్ ముగిసి ఫ్యాక్టరీ కాస్త నెమ్మదించాక, లారీలు తూచే వేబ్రిడ్జి కాటా ఆపరేటర్ మీద డొమెస్టిక్ ఎంక్వైరీ, అంటే ఫ్యాక్టరీలోనే జరిపే విచారణ, పెట్టారు. తెలుగు టైపింగ్ వస్తుందని ప్రొసీడింగ్స్ రాసే పని నాకు అప్పజెప్పారు. నాలుగు సిట్టింగులు జరిగాయి. రెండో సిట్టింగు మినిట్స్‌లో నేను చేసిన తప్పు ఒక మనిషి ఉద్యోగం దాకా పోవాల్సింది. అది ఎలా జరిగిందో, ఎలా సరిదిద్దుకున్నామో చెప్తాను.

ముందు కేసు ఏమిటో చెప్పాలి. కాయ లోడుతో వచ్చిన లారీని మొదట కాటా మీద తూస్తారు. కాయ దించాక ఖాళీ బండిని మళ్లీ తూస్తారు. మొదటి బరువులోంచి రెండోది తీసేస్తే కాయ బరువు వస్తుంది, రైతుకో మండీవాళ్లకో డబ్బు దాని మీదే కడతారు. ఆ రోజు స్లిప్పులో లోడు బరువు 16,240 కిలోలు, ఖాళీ బరువు 5,830, కాయ 10,410. కానీ అదే లారీ ఆ సీజన్‌లో అంతకు ముందు వచ్చిన మూడుసార్లూ ఖాళీ బరువు 6,300కు అటూ ఇటూగానే ఉంది. దగ్గరి తేదీది 6,310. దాని ప్రకారం లెక్కేస్తే 480 కిలోల కాయకు డబ్బు ఎక్కువ పోయింది. పైగా స్లిప్పులో ఖాళీ బరువు పక్కన చుక్క గుర్తు ఉంది. మా కాటా సాఫ్ట్‌వేర్‌లో ఆ గుర్తు పడితే, బరువు యంత్రం నుంచి రాలేదని, చేత్తో కొట్టారని అర్థం.

చార్జిషీటులో రెండు అభియోగాలు పెట్టారు. ఒకటి, అనుమతి లేకుండా, రిజిస్టర్‌లో రాయకుండా బరువును చేత్తో ఎక్కించడం. రెండోది, లారీని అసలు ఖాళీగా తూయకుండానే, సరుకు తెచ్చినవాళ్లకు లాభం చేసే ఉద్దేశంతో తక్కువ అంకె వేయడం. మొదటిది నిర్లక్ష్యం. రెండోది నిజాయతీకి సంబంధించింది, రుజువైతే ఉద్యోగం పోతుంది.

ఎంక్వైరీ ఆఫీసర్‌గా తిరుపతి నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. చాలా ఏళ్లు లేబర్ కేసులు చూసిన వకీలు. యాజమాన్యం తరఫున మా హెచ్.ఆర్. ఆయన, ఆపరేటర్‌కు సాయంగా బాయిలర్ సెక్షన్‌లో పనిచేసే ఒక అన్న కూర్చున్నారు. మొదటి రోజు పని సులువుగానే గడిచింది. ఎవరెవరు హాజరయ్యారో, ఎన్నింటికి మొదలైందో రాశాను. అభియోగాలు తెలుగులో చదివి వినిపించారని, అర్థమయ్యాయా అని అడిగారని, ఆపరేటర్ రెండూ ఒప్పుకోలేదని రాశాను. యాజమాన్యం ఇచ్చిన కాగితాలకు ఎం నంబర్లు వేశాను: స్లిప్పు ఎం-1, పాత స్లిప్పులు ఎం-2, గేటు రిజిస్టర్ ఎం-3. ప్రతి పేజీ కింద అందరూ సంతకాలు పెట్టారు. ఆపరేటర్‌కు ఒక కాపీ ఇచ్చాం.

రెండో సిట్టింగులో సెక్యూరిటీ గార్డు సాక్ష్యం. యాజమాన్యం అడిగినప్పుడు ఆయన గట్టిగానే చెప్పాడు: “ఆ బండి ఖాళీ అయినాక కాటా మీదికి రాలేదు సార్. నేరుగా గేటుకు వచ్చేసింది.” తర్వాత బాయిలర్ అన్న క్రాస్ చేశాడు. చిన్న చిన్న ప్రశ్నలే. ఎనిమిదిన్నర నుంచి ఎక్కడ ఉండావు? అన్నానికి పోయుంటి. ఎప్పుడు వచ్చినావు? ఒక ఇరవై నిమిషాలకు. మరి బండి కాటా ఎక్కిందో లేదో నీకెట్ల తెలుసు? గార్డు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: “నేను చూళ్లేదు సార్. నేను వచ్చేతలికి బండి గేటు కాడ ఉండింది.”

స్లిప్పు 8:47కు పడింది. గేటు రిజిస్టర్‌లో బండి దాటింది 8:52కు. అంటే స్లిప్పు పడిన వేళకు గార్డు అన్నం తింటున్నాడు.

ఆ సాయంత్రం నేను ఆ క్రాస్ అంతటినీ ఒకే వాక్యంగా కుదించాను: “క్రాస్ పరీక్షలో సాక్షి కొంత తడబడినప్పటికీ, లారీ కాటా మీదికి రాలేదన్న తన వాంగ్మూలానికే కట్టుబడి ఉన్నారు.” ఎవరూ నన్ను అలా రాయమనలేదు. ‘క్లుప్తంగా ఉండాలి’ అని హెచ్.ఆర్. ఆయన ముందే చెప్పి ఉన్నాడు, అది నిజమే. కానీ ఆ వాక్యంలోని తప్పు నాదే. గార్డు రెండు మాటలు చెప్పాడు. మొదటిది బండి గురించి, రెండోది తన చూపు గురించి. నేను రెండోదాన్ని మొదటిదానిలో కలిపేశాను. ‘రాలేదు’ అంటే జరగలేదని. ‘చూళ్లేదు’ అంటే తనకు తెలియదని. రెండో అభియోగం మొత్తం ఆ తేడా మీదే ఆధారపడి ఉంది. బండి కాటా ఎక్కి ఉంటే అది నిర్లక్ష్యం, ఎక్కకపోయి ఉంటే మోసం.

మూడో సిట్టింగు మొదట్లో పాత మినిట్స్ చదివి వినిపించాను. ఆపరేటర్ సంతకం పెట్టనన్నాడు. “అక్కా, ఆయన చూళ్లేదన్నాడు కదా. ఈడ రాలేదని ఉంది” అన్నాడు. గొంతు పెంచలేదు. హెచ్.ఆర్. ఆయన “భావం ఒకటే” అనబోయాడు. ఎంక్వైరీ ఆఫీసర్ చెయ్యెత్తి ఆపి నన్ను అడిగారు: “అమ్మా, నీ చేతిరాత నోట్సు ఉందా?”

ఉంది. అందులో సరిగ్గా ‘చూళ్లేదు సార్’ అనే ఉంది. పేజీ చింపి కొత్తది టైపు చేసి తెస్తానన్నాను. ఆయన వద్దన్నారు. అందరి చేతికీ వెళ్లిన పేజీని మార్చకూడదట, మారిస్తే ఇంకేం మార్చారో అన్న అనుమానం మిగతా పేజీలకూ పాకుతుందట. ఆయన చెప్పిన పద్ధతి ఇది: పాత పేజీ అలాగే ఉంచాలి. మూడో సిట్టింగు మినిట్స్‌లో మొదటి అంశంగా, ఫలానా పేజీలో ఫలానా వాక్యం మీద ఉద్యోగి అభ్యంతరం చెప్పారని, నోట్సుతో సరిచూశారని, ఆ వాక్యం బదులు కింది ప్రశ్నలూ జవాబులూ చదువుకోవాలని రాసి, ఆ భాగమంతా గార్డు మాటల్లోనే పెట్టాలి. గార్డును మళ్లీ పిలిచి చదివి వినిపించారు. “అవును సార్, నేనన్నది ఇదే” అన్నాడు. ఆ మాటా రాశాను. అప్పుడు అందరూ సంతకం పెట్టారు.

ఆ రోజు నుంచి ముఖ్యమైన చోట ప్రశ్న, దాని కింద జవాబు, అన్న మాట అన్నట్టే రాయడం మొదలుపెట్టాను. ‘పోయుంటి’ని ‘వెళ్లియున్నాను’గా మార్చలేదు. ‘తడబడ్డాడు’, ‘దాటవేశాడు’ లాంటి మాటలు పూర్తిగా మానేశాను. తడబాటు నాకు కనిపించింది, కానీ అది నా అభిప్రాయం. ఆయన కాసేపు ఊరుకున్నాడు అన్నది జరిగిన విషయం. అవసరమైతే దాన్నే రాయొచ్చు: ‘కొంత సేపు మౌనం తర్వాత’ అని. ఎంక్వైరీ ఆఫీసర్ తానే ఏదైనా అడిగితే, అది ఆయన ప్రశ్న అని విడిగా రాశాను. లేకపోతే యాజమాన్యం వైపు ప్రశ్నలా కనిపిస్తుంది.

ఆ మూడో సిట్టింగులోనే ఆపరేటర్ తన వాంగ్మూలం ఇచ్చాడు. బండి కాటా ఎక్కిందని, సాయంత్రం పడిన వానకు తెర మీద అంకె నిలవకుండా ఊగిందని, కొనుగోలు సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే పాత స్లిప్పు చూసి వెయ్యమన్నాడని చెప్పాడు. 5,830 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూపించాడు. ఆ లారీ యజమానికే ఇంకో చిన్న బండి ఉంది, అది అదే రోజు మధ్యాహ్నం వచ్చింది. దాని స్లిప్పులో ఖాళీ బరువు 5,830. తొందరలో ఆ స్లిప్పు చూసి వేశానన్నాడు. దాన్ని ఆపరేటర్ వైపు కాగితంగా, డి-1 అని గుర్తించారు. నా పాత అలవాటు ప్రకారమైతే ‘డి-1: స్లిప్పు నకలు’ అని రాసి వదిలేసేదాన్ని. అందులో ఏ బండి, ఏ వేళ, ఏ అంకె ఉన్నాయో ఈసారి రాశాను. కాగితం పేరు ఒక్కటే రాస్తే, తర్వాత చదివేవాళ్లకు అది ఎందుకు ఇచ్చారో తెలియదు.

సూపర్‌వైజర్‌ను సాక్షిగా పిలవాలని బాయిలర్ అన్న అడిగాడు. అవసరం లేదని హెచ్.ఆర్. ఆయన అభ్యంతరం చెప్పాడు. అడిగిన మాట, అభ్యంతరం, పిలవాలన్న ఎంక్వైరీ ఆఫీసర్ నిర్ణయం, ఆయన చెప్పిన కారణం, ఈ నాలుగూ రాశాను. నాలుగో సిట్టింగుకు సూపర్‌వైజర్ వచ్చాడు. ఫోన్ వచ్చిన మాట నిజమే అన్నాడు. పాత స్లిప్పు చూడమన్నాననీ ఒప్పుకున్నాడు. కానీ “రిజిస్టర్‌లో రాసి పొద్దున నా సంతకం తీసుకోమని కూడా చెప్పినా” అన్నాడు. అలా చెప్పారా అని ఎంక్వైరీ ఆఫీసర్ అడిగితే ఆపరేటర్ తలదించుకుని “చెప్పినారు సార్, మరిచిపోయినా” అన్నాడు. నాకు ఆయన మీద జాలి ఉంది, నిజం. ఆ జవాబు కూడా ఒక్క అక్షరం తగ్గించకుండా రాశాను.

రిపోర్టు ఎంక్వైరీ ఆఫీసర్ విడిగా రాశారు. మినిట్స్‌లో తీర్పు మాటలు రాకూడదు, రిపోర్టులో మినిట్స్‌లో లేని సాక్ష్యం రాకూడదు అన్నది ఆయన పట్టుదల. మొదటి అభియోగం రుజువైందని రాశారు. ఆధారం ఎం-1లోని చుక్క గుర్తు, రిజిస్టర్‌లో నమోదు లేకపోవడం, సూపర్‌వైజర్ సాక్ష్యం, ఆపరేటర్ ఒప్పుకోలు. రెండోది రుజువు కాలేదు. గార్డు మొదట చెప్పిన మాటను ఎందుకు నమ్మలేదో కూడా ఒక పేరా రాశారు: ఆ వేళకు ఆయన అక్కడ లేడు, బండి రాలేదని చూసి చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు. డి-1 వల్ల అంకె వెనుక పొరపాటుకు అవకాశం కనిపిస్తోందనీ రాశారు. శిక్ష గురించి ఒక్క మాట లేదు. అది యాజమాన్యం చూసుకోవాల్సింది.

రిపోర్టు కాపీ ఆపరేటర్‌కు ఇచ్చి, జవాబుకు 15 రోజులు ఇచ్చాకే నిర్ణయం తీసుకోవాలని ఆయన మా మేనేజర్‌కు చెప్పారు. రిపోర్టు చేతికివ్వకుండా శిక్ష వేయకూడదని 1993లో సుప్రీంకోర్టు, హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థకూ కరుణాకర్ అనే ఆయనకూ మధ్య నడిచిన కేసులో చెప్పిందట. ఆపరేటర్ సగం పేజీ జవాబు రాసిచ్చాడు. మేనేజర్ నాలుగు రోజుల సస్పెన్షన్ వేశారు. ఆ ఉత్తర్వులో మొదటి అభియోగానికే శిక్ష అని, రెండోది రుజువు కాలేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదని స్పష్టంగా రాయించారు. ఆ వాక్యం ఉండాలని నేను అడిగాను. లేకపోతే పదేళ్ల తర్వాత ఫైలు తెరిచినవాళ్లకు ‘కాటా కేసులో శిక్ష పడింది’ అన్నదే కనిపిస్తుంది.

విచారణ నడిచినన్నాళ్లూ ఆపరేటర్‌ను క్రేట్ల లెక్కకు వేశారు. సస్పెన్షన్ ముగిశాక మళ్లీ కాటాకే వచ్చాడు. ఫైలు కాపీ తీసుకునేటప్పుడు మూడో సిట్టింగు మొదటి పేజీ తెరిచి, గార్డు జవాబు మీద వేలు పెట్టి చదువుకున్నాడు. తర్వాత కిందికి తిప్పి తన ‘మరిచిపోయినా’ కూడా చదివాడు. అందినట్టు సంతకం పెట్టి, మొత్తం పేజీలు లెక్కపెట్టుకుని వెళ్లాడు.