పండు ఫోటోలతో వాదించి నెగ్గాను: నా అనుభవం

ఆన్‌లైన్‌లో మామిడిపండ్లు ఆర్డర్ చేయడం, పెట్టె ఇంటికి రావడం ఇబ్బంది లేకుండా అయిపోయాయి. ఫిర్యాదు దగ్గరే తలనొప్పి మొదలైంది. పండ్ల రంగు మచ్చలు మచ్చలుగా ఉంది, నొక్కితే గట్టిగా ఉన్నాయి, తొక్క వెలిసినట్టుంది. కార్బైడ్ వేసి మాగబెట్టారా అని అడుగుతూ ఫోటోలు పంపాను. అమ్మినాయన ఫోన్ చేసి, "పండ్లు తినడం తప్ప మీకేం తెలుసండీ? ఎండ తగిలిన వైపు ఒక రంగు, నీడ వైపు ఇంకో రంగు ఉంటుంది" అని నవ్వాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, ఇంట్లో అందరూ విన్నారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఆయన మర్యాద ఎలా ఉన్నా, ఎండ సంగతి నిజమే. అంతేకాదు, కాయల్ని 10 డిగ్రీల కన్నా చల్లగా నిల్వ చేసినా చలిదెబ్బకు తొక్క నిగారింపు పోతుంది, సరిగ్గా మాగవు కూడా. పసుపు బల్బు కింద తీసిన ఫోటోలో పచ్చికాయ కూడా పండులా కనిపిస్తుంది. అందుకే పైతొక్క ఒక్కటే చూపించి వాదిస్తే ఎవరైనా తప్పించుకుంటారు.

ఈసారి కిటికీ పక్కన పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి ఫోటోలు తీశాను. కాగితం తెల్లగా పడితేనే పండు రంగును నమ్మొచ్చు. ఒకే పండును రెండు వైపులా, తొడిమ వైపు, తర్వాత టెంక వెంబడి కోసి తీశాను. అసలు విషయం అక్కడ బయటపడింది. మామిడి లోపలి నుంచి మాగుతుంది: ముందు టెంక చుట్టూ కండ పసుపెక్కి, ఆ రంగు బయటికి వస్తుంది. నా పండుకి తొక్క చాలావరకు పసుపే, టెంక చుట్టూ మాత్రం తెల్లగా ఉంది. ముక్కల అంచులు పచ్చికాయ కోసినంత పదునుగా నిలబడ్డాయి. తొడిమ పక్కన భుజాలు ఉబ్బలేదు, కిందికి జారి ఉన్నాయి. అంటే కాయ ముదరకముందే కోశారు.

కార్బైడ్‌కి తేమ తగిలితే ఎసిటిలిన్ వస్తుంది. లేత కాయకు అది తగిలితే తొక్క రంగు మారుతుంది, లోపల పిండిపదార్థం తీపిగా మారడం వెనకబడుతుంది. కానీ ఏ గ్యాస్ వాడారో ఏ ఫోటో చెప్పదు. అది తేలాలంటే ల్యాబ్‌కి పంపాల్సిందే. ముదిరిన కాయను ఇథిలిన్‌తో సరిగ్గా మాగబెడితే ఫోటోలో చెట్టున మాగినదానికీ దానికీ తేడా పట్టలేం. ఆ గ్యాస్ కాయలోనే సహజంగా పుట్టేదే కదా. నీళ్లలో తేలితే కార్బైడ్ అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. లేత కాయ కూడా తేలుతుంది.

అందుకే రెండో ఫిర్యాదులో కార్బైడ్ మాటే ఎత్తలేదు. "కాయ ముదరలేదు, రంగు మాత్రం తెప్పించారు. లోపల తెల్లగా ఎందుకుందో రాతపూర్వకంగా చెప్పండి" అని అడిగాను. ఈసారి ఫోన్ రాలేదు, నవ్వూ లేదు. డబ్బు వెనక్కి వచ్చింది. ఎలా మాగబెట్టారన్న ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు, మళ్లీ రాశాను.