36 సీట్ల లెక్కను 28తో భాగించిన కథ

మాది నెల్లూరు. పెళ్ళిళ్ళకు, తిరుపతి ట్రిప్పులకు బండ్లు మాట్లాడిపెట్టడం నా పని. బండి వరకే అయితే లెక్క సులువు. కిలోమీటరుకు ఇంత, డ్రైవర్ బేటా ఇంత, నా కమీషన్ ఇంత. ఒకసారి కావలిలో రోజూ పొద్దున నడిచే రిటైర్డ్ ఉద్యోగుల బృందం అడిగింది. నేలపట్టులో పక్షులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు, సూళ్లూరుపేట చెంగాళమ్మ దర్శనం, ఒక రాత్రి బస, భోజనం, అన్నీ చూపించి చెప్పే మనిషితో సహా మనిషికి ఎంత అన్నారు. అప్పుడు మొదటిసారి ప్యాకేజీ రేటు కట్టాను. పది వేలకు పైగా చేతి నుంచి పోయింది. మరుసటి ఏడాది అదే బృందానికి, అదే టూర్‌కి మళ్ళీ రేటు కట్టాను. ఆ రెండు లెక్కలూ ఇప్పటికీ ఒకే లాంగ్ నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి.

మొదటి పేజీ తప్పులతడక అని చెప్పలేను. అంకెలన్నీ సరైనవే. ఎంతమంది వచ్చినా మారని ఖర్చు ఒక వైపు రాసుకున్నా. 36 సీట్ల ఏసీ బస్సు కిలోమీటరు 50 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, అంటే రెండు రోజులకు 30,000. డ్రైవర్, క్లీనర్ బేటా 3,000. టోల్, పార్కింగ్ 2,600. గైడ్‌కు 4,000. డ్రైవర్, క్లీనర్ పడకకు, తిండికి 1,600. నాకూ నా హెల్పర్‌కూ గది, భోజనం 2,800. మొత్తం 44,000. ఇంకో వైపు తలకు అయ్యే ఖర్చు. ఇద్దరికో గది 1,800 కాబట్టి మనిషికి 900, రెండు రోజుల టిఫిన్లు, భోజనాలు, టీలు 770, టికెట్లు, మంచినీళ్ళు 80. అది 1,750.

44,000ను 36తో భాగిస్తే 1,222. దానికి 1,750 కలిపితే 2,972. నేను 3,200 చెప్పా. మనిషికి 228 మిగులుతుంది కదా, అదే నా లాభం, ఏదన్నా తేడా వస్తే అదే సర్దుతుంది అనుకున్నా. ఒకే డబ్బుకు రెండు పనులు అప్పజెప్పడమే ఆ పేజీలోని అసలు తప్పు. అది నాకు ఏడాది తర్వాత గానీ వెలగలేదు.

బయల్దేరే ముందు రెండు రోజుల్లో అయిదుగురు మానేశారు. ఒకరికి జ్వరం, ఒకరింట్లో మనవడి బారసాల, మిగతా ముగ్గురూ వాళ్ళతో పాటు. తెలిసినవాళ్ళని మొహమాటపడి డబ్బు మొత్తం తిరిగిచ్చేశా. మిగిలింది 31 మంది. వచ్చింది 99,200, ఖర్చు 98,250. ఇంకా 950 మిగిలే ఉందని ధైర్యంగానే ఉన్నా. తీరా గదులు పంచేటప్పుడు చూస్తే మగవాళ్ళు 17, ఆడవాళ్ళు 14. పదిహేనున్నర గదులు అని కాగితం మీద రాసుకోవచ్చు గానీ, లాడ్జిలో సగం గది ఉండదు. తొమ్మిదీ ఏడూ పదహారు. ఆ సగం గదికి 900 పోయాక మిగిలింది 50 రూపాయలు.

దెబ్బ మాత్రం వేరే చోట తగిలింది. లాడ్జి వాళ్ళతో గది 1,800 అని ఫోన్లో మాట అనుకున్నామే తప్ప అడ్వాన్సు కట్టలేదు. నేను రేటు చెప్పేసిన తర్వాత సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగ తేదీలు బయటికొచ్చాయి, అవి మా ట్రిప్పు రోజుల మీదే పడ్డాయి. ఆ రోజుల్లో ఊళ్ళో గది దొరకడమే గొప్ప. గదికి 2,400 అన్నారు. మావాళ్ళ పదహారు గదులకూ మా గదికీ కలిపి 10,200 ఎక్కువైంది. ఆ లాడ్జివాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళు నాకు కాగితం ఏమీ ఇవ్వలేదు, నేను అడగనూ లేదు.

మరుసటి ఏడాది ఆ బృందం అధ్యక్షుడు సార్ ఫోన్ చేశారు. ఈసారి ముందు భాగించే సంఖ్య మార్చా. 36 సీట్లున్నాయని 36తో భాగిస్తే, ఒక్కరు తగ్గినా నష్టం మొదలవుతుంది. ఈ వయసు వాళ్ళ బృందంలో ఎప్పుడు చూసినా అయిదారుగురు తగ్గడం నా కళ్ళతో చూశా. ఇంకో ఇద్దరిని తీసేసి 28 అనుకున్నా. 44,000ను 28తో భాగిస్తే 1,571. తలకు 1,750 కలిపితే 3,321. ఇది నాకు ఒక్క రూపాయి మిగలని, పోని రేటు.

ఆ పైన చివరి నిమిషం తేడాలకు మార్జిన్ ఎంత పెట్టాలి? పది శాతం వేసెయ్ అని అందరూ అంటారు. ఆ పది శాతం దేనికో తెలియకపోతే, బేరం మొదలవగానే మొదట కోసేది దాన్నే. అందుకని ఒక్కో ఖర్చు పక్కన ఇది ఇప్పటి నుంచి ఆ రోజు దాకా ఎంత కదలగలదు అని రాసుకుంటూ పోయా.

అందరికీ భయం డీజిల్ మీద. నిజంగా లెక్క కడితే ఆ భయం దండగ. నెల్లూరు షెడ్డు నుంచి ఖాళీగా కావలికి, కావలి నుంచి సూళ్లూరుపేటకు, పులికాట్ మధ్యలోంచి శ్రీహరికోట వైపు వెళ్ళే రోడ్డు మీద తిరుగుడు, మళ్ళీ కావలి, మళ్ళీ షెడ్డు, ఇదంతా కలిపినా 470 దాటదు. ఆ బస్సు లీటరుకు నాలుగున్నర ఇస్తుంది. వంద లీటర్ల పైచిలుకు. లీటరుకు మూడు రూపాయలు పెరిగినా 300 చిల్లర. దానికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

బస్సులో అసలు ప్రమాదం గడియారం. బండివాళ్ళకు రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. రెండో రోజు రాత్రి పన్నెండు దాటి షెడ్డుకు చేరితే మూడో రోజు లెక్కలోకి వస్తుంది, 300 కిలోమీటర్లకు 15,000 కట్టాలి. దీన్ని ఏ మార్జినూ మోయలేదు, టైమే కాపాడాలి. అందుకే రాత్రి 10:30 లోపు కావలిలో దిగాల్సిందే అని ప్రోగ్రాం కాగితంలోనే రాశా. టోల్ విషయంలో కూడా చిన్న మెలిక ఉంది. వెంకటాచలం, బూదనం గేట్లలో 24 గంటల్లోపు తిరిగొస్తే ఫాస్టాగ్ ఒకటిన్నర రెట్లే తీసుకుంటుంది. మనం మర్నాడు సాయంత్రం వస్తాం, 24 గంటలు దాటిపోతాయి. అందుకని రెండు వైపులా పూర్తి రేటు వేసుకోవాలి.

గదులకు ఈసారి సగం అడ్వాన్సు కట్టి, తేదీ, గదుల సంఖ్య, పన్నుతో కలిపి రేటు రాయించుకున్నా. ఇక రేటు కదలదు. కదిలేది గదుల సంఖ్య. బేసి మనిషి, ‘గురక పెడతాడు, నేను పక్కన పడుకోను’ అనే మనిషి. అందుకు రెండు గదులు, 3,600. వంటవాళ్ళు రేటు పెంచితే, ప్లేట్లు పెరిగితే 2,000. బస్సు వైపు డీజిల్, పార్కింగ్, దారి మళ్ళింపులకు 2,400. గైడ్ రాలేకపోతే ఇంకొకరిని పిలవడానికి 1,000. మొత్తం 9,000. చివరికి ఇదీ దాదాపు పది శాతమే. కానీ ఏ రూపాయి దేనికోసం కూర్చుందో నాకు తెలుసు. 28తో భాగిస్తే 321. నా కూలి తలకు 300 విడిగా. 3,321తో కలిపితే మొత్తం 3,942, నోటికి తేలికగా 3,950.

సార్ ఊరుకుంటారా. “ఏంది అబ్బయ్యా, పోయినసారి 3,200, ఈసారి ఏడొందల యాభై ఎక్కువా? పక్షులేమన్నా పెరిగినాయా?” అన్నారు. మార్జిన్ కోయకుండా ఆయనకు దారి చూపించా. “సార్, 28 నుంచి 31 మంది అయితే 3,950. 32 నుంచి 3,750. బస్సు నిండితే 3,550. మనుషుల్ని మీరు చేర్చండి, రేటు నేను దించుతా.” మనుషులు పెరిగితే 44,000లో ఒక్కొక్కరి వాటా దిగుతుంది కాబట్టి నాకు పోయేదేమీ లేదు. వారం ముందు నాటికి 28 నిండకపోతే బస్సు వద్దు, చిన్న బండ్లతో వేరే రేటు అని కూడా చెప్పా.

మానేసేవాళ్ళ సంగతి తేల్చడమే కష్టమైంది. చివరి మూడు రోజుల్లో ఒకరు మానేస్తే నాకు మిగిలేది ఏంటని చూసుకున్నా. బస్సు తగ్గదు, గదికి కట్టేశాం, గైడ్‌కు ఎలాగూ ఇవ్వాలి. మిగిలేది తిండి, టికెట్ల 850 మాత్రమే. కాబట్టి తిరిగిచ్చేదీ అంతే. కాగితం మీద రాసి సార్ చేత సంతకం పెట్టించుకున్నా. చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇది పోయినసారే రాసుండాల్సింది” అన్నారు.

33 మంది కట్టారు, రేటు 3,750. చివర్లో ముగ్గురు మానేశారు, ఎవరూ గొడవ చెయ్యలేదు.

నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతున్నాయి. మావాళ్ళు గైడ్ దుర్భిణి వదల్లేదు. పులికాట్‌లో మాత్రం ఫ్లెమింగోలు రోడ్డుకు దూరంగా గులాబీ గీతలా కనిపించాయంతే. గైడ్ ఎవరికో ఫోన్ చేసి ఇంకో చోటికి తీసుకెళ్ళాడు, ముప్పై కిలోమీటర్ల తిరుగుడు. దానికి పైసా పడలేదు, 600 కిలోమీటర్లకు కట్టిన డబ్బులో 130 కిలోమీటర్లు వాడకుండా మిగిలే ఉన్నాయి కదా. దగ్గరికెళ్ళాక ముక్కులు నీళ్ళలోకి తలకిందులుగా పెట్టి మేస్తున్న గుంపును చూసి సార్ పక్కనున్నాయనతో గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టారు, గట్టిగా మాట్లాడితే ఎగిరిపోతాయేమోనని.

రెండో రోజు భోజనాలయ్యాక ఆడవాళ్ళు బాంబు పేల్చారు. నాయుడుపేట మీదుగానే కదా వెళ్ళేది, వెంకటగిరి చీరలు చూసుకుని పోదాం అని. టెన్షన్ వచ్చింది. కిలోమీటర్లు వంద మిగిలాయి, అదనంగా అయ్యేది డెబ్బై లోపు. టైమ్ మాటేమిటి? వేళ్ళ మీద లెక్కపెట్టి గంట ఇస్తా, ఒక్క నిమిషం దాటినా బస్సు హారన్ కొడుతుంది అన్నా. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. రాత్రి భోజనం ప్యాకేజీలో లేదు, కావలి చేరేసరికి ఆలస్యమని 30 టిఫిన్ పార్సిళ్ళు బస్సులోకి తెప్పించా, 2,100. వెంకటగిరిలో టీలు 600, అక్కడా ఇక్కడా పార్కింగ్ 700. మార్జిన్ లోంచి పోయింది మొత్తం 3,400.

కావలిలో 10:15కి దించాం. డ్రైవర్ నెల్లూరు షెడ్డు నుంచి ఫోన్ చేసినప్పుడు 11:35.

మర్నాడు లెక్క చూసుకుంటే, నా కూలి పోను 7,800 మిగిలింది. పోయినేడాది గుంట ఇంకా పూర్తిగా పూడలేదు.