టీటీడీ, తితిదే, నాసా

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. మా అమ్మాయికి నాసా రోజూ వినే పేరు. తాతయ్య వాట్సాప్‌లో పంపే పేపర్ కటింగ్‌లు కూడబలుక్కుని చదువుతూ ఒకరోజు "తితిదే" దగ్గర ఆగింది. అది టీటీడీయే అని చెబితే, "మరి ఇలా ఎందుకు రాశారమ్మా?" అంది.

ఇంగ్లిష్ పొట్టి పేరుకు మాట మొదట్లోని లెటర్ తీసుకుంటుంది. తిరుమల, తిరుపతి, దేవస్థానం నుంచి టీ, టీ, డీ వస్తాయి. మూడూ హల్లులే, మధ్యలో అచ్చు లేదు. కలిపి పలకడం కుదరదు కాబట్టి లెటర్ల పేర్లు చదవాల్సిందే. తెలుగు తీసుకునేది అక్షరాన్ని, గుణింతంతో సహా. తి, తి, దే. అచ్చు అక్షరంలోనే ఉంది కాబట్టి దానంతట అదే మాటలా పలుకుతుంది. 1943లో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం "అరసం" అయింది కూడా ఇలాగే. సంఘం నుంచి సున్నాతో సహా "సం" వచ్చింది.

విప్లవ రచయితల సంఘం అని చెప్పగానే "విరసం" అనేసింది. తెలుగుదేశం పార్టీకి మాత్రం "తెపా" అంది. పద్ధతి సరైనదే. కానీ పేపర్లు తెలుగుదేశాన్ని రెండుగా విడదీసి "తెదేపా" అని రాస్తాయి. సమాసాన్ని ఎక్కడ విరవాలో రూలు చెప్పదు, వాడుక చూసి తెలుసుకోవాలి. అసలు ఇవన్నీ ఎక్కువగా పేపర్లలో కనిపించేవే. ఇంట్లో మేమూ టీటీడీ అనే అంటాం.

ఇంగ్లిష్‌లో మాటలా పలికే పేరు కావాలంటే అచ్చులు కలిసిరావాలి, లేదా కలిసొచ్చేలా చూసుకోవాలి. నాసా పూర్తి పేరులో "అండ్" ఉంది, పొట్టి పేరులో దాన్ని వదిలేశారు. రాడార్‌లో అదే "అండ్" నుంచి ఏ తీసుకున్నారు. పైగా దాని మొదటి మాట రేడియో నుంచి ఆర్ ఒక్కటే కాకుండా ఆర్, ఏ రెండూ తీశారు. నాకు బాగా నచ్చేది ఇదే. అక్కడ ఇంగ్లిష్ కూడా మనలాగే హల్లును అచ్చుతో కలిపి తీసుకుంది.

ఏది మాటగా పలికేదో, ఏది లెటర్లుగా చదివేదో వాక్యంలో పెడితే తెలిసిపోతుంది. నాసా, ఎన్‌బీఏ రెండూ ఎన్‌తోనే మొదలవుతాయి. అయినా నాసా ఇంజనీర్ ముందు "అ" పెడతారు, ఎన్‌బీఏ ప్లేయర్ ముందు "యాన్". "ఎన్" అని లెటర్ పేరు పలికితే ముందు వినిపించేది "ఎ" అనే అచ్చు కాబట్టి. ఎఫ్‌బీఐ ముందు "ద" కూడా వస్తుంది, నాసా ముందు రాదు. ఇది నేను గ్రామర్ పుస్తకంలో నేర్చుకున్నాను. మా అమ్మాయిని ఆ రెండూ వాక్యాల్లో వాడమంటే తడుముకోకుండా సరిగ్గా చెప్పింది, ఎందుకో మాత్రం తెలియదంది. తితిదే చూశాక ఆ కారణం విడమరిచి చెప్పడం తేలికైంది.