న్యూట్రాన్ షీల్డింగ్ ప్రిపరేషన్: బోరాన్ ఎందుకు, సీసం ఎక్కడ

రేడియేషన్ సేఫ్టీ పరీక్షకి చదివేవాళ్లలో చాలామంది న్యూట్రాన్ షీల్డింగ్‌ని ఒక్క లైన్లో గుర్తుపెట్టుకుంటారు: ముందు హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న పదార్థం, దాంట్లో బోరాన్, బయట సీసం. రాతపరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి ఇది చాలు. ఇంటర్వ్యూలో మాత్రం ఈ వరస ఎందుకు అని అడుగుతారు. అందుకని నేను ఒకే ఒక్క న్యూట్రాన్‌ని తీసుకుని, అది సోర్స్ దగ్గర బయల్దేరి ఎక్కడ ఆగుతుందో, ఆగేటప్పుడు ఏం వదిలిపెడుతుందో చివరిదాకా పేపర్ మీద రాసుకున్నాను. ఈ టాపిక్‌కి నా ప్రిపరేషన్ అంతా దాదాపు అదే.

2 ఎంఈవీ శక్తితో బయల్దేరిన న్యూట్రాన్ అనుకోండి. హైడ్రోజన్ కేంద్రకం బరువు, న్యూట్రాన్ బరువు దాదాపు సమానం కాబట్టి ఒక్కో ఢీకి సగటున సగం శక్తి పోతుంది. థర్మల్ స్థాయికి, అంటే 0.025 ఈవీకి దిగడానికి హైడ్రోజన్‌తో సుమారు 18 ఢీలు చాలు. కార్బన్ ఒక్కదానితోనే అయితే సుమారు 115 కావాలి. నీళ్లు, పారాఫిన్, పాలిథీన్ ఎందుకు వాడతారన్న ప్రశ్నకి జవాబు ఇక్కడితో అయిపోయింది. దీని మీద ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు.

అసలు సంగతి తర్వాత మొదలవుతుంది. నెమ్మదించిన న్యూట్రాన్ మాయమైపోదు, ఏదో ఒక కేంద్రకం దాన్ని మింగాలి. మామూలు పాలిథీన్‌లో ఆ పని దాదాపు పూర్తిగా హైడ్రోజనే చేస్తుంది. మింగిన ప్రతిసారీ డ్యూటీరియం తయారై 2.223 ఎంఈవీ గామా ఒకటి బయటికొస్తుంది. అంటే బోరాన్ లేకపోయినా ఫాస్ట్ న్యూట్రాన్ నెమ్మదిస్తుంది, చివరికి ఆగుతుంది కూడా. మరి బోరాన్ ఎందుకు? పుట్టబోయే గామా ఏదో నిర్ణయించడానికి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా టాపిక్ అంతా దాని వెంటే వస్తుంది.

బోరాన్-10 న్యూట్రాన్‌ని మింగితే ఆల్ఫా, లిథియం-7 అవుతుంది. ఆ రెండూ అక్కడికక్కడే ఆగిపోతాయి. నూటికి 94 సార్లు మాత్రం లిథియం ఉత్తేజిత స్థితిలో పుట్టి 0.478 ఎంఈవీ గామా వదులుతుంది. ఇక్కడ పోటీ ఎవరిదో లెక్క వేసి చూడండి. బరువులో 5 శాతం బోరాన్ ఉన్న పాలిథీన్, సాంద్రత 0.95 గ్రా./ఘ.సెం.మీ. అనుకుందాం. సహజ బోరాన్‌కి థర్మల్ క్రాస్ సెక్షన్ సుమారు 767 బార్న్‌లు, హైడ్రోజన్‌కి 0.332. పరమాణువుల సంఖ్యతో గుణిస్తే బోరాన్ వాటా సెంటీమీటరుకి దాదాపు 2.0, హైడ్రోజన్ వాటా 0.026 వస్తాయి. సుమారు 80 రెట్ల తేడా. పైగా రెండింటి క్రాస్ సెక్షన్లూ వేగం పెరిగేకొద్దీ ఒకే తీరులో తగ్గుతాయి కాబట్టి న్యూట్రాన్ పూర్తిగా థర్మల్ కాకముందు కూడా ఈ నిష్పత్తి దాదాపు మారదు.

ఇదే లెక్క 1 శాతం బోరాన్‌కి కూడా వేయండి. అక్కడా బోరాన్‌ది 15 రెట్లు పైచేయి. కాబట్టి "బోరాన్ 5 నుంచి 10 శాతానికి పెంచితే రక్షణ రెట్టింపవుతుందా?" అని అడిగితే తడుముకోకుండా కాదని చెప్పొచ్చు. అప్పటికే దాదాపు అన్ని న్యూట్రాన్లూ బోరాన్‌కే దొరుకుతున్నాయి. ఇంకా పెంచితే హైడ్రోజన్ తగ్గి, నెమ్మదింపజేసే పని దెబ్బతింటుంది.

ఇక సీసం. 100 న్యూట్రాన్లు పాలిథీన్‌లో ఆగాయనుకుందాం. బోరాన్ లేకపోతే 2.223 ఎంఈవీ గామాలు 100. 5 శాతం బోరాన్ ఉంటే అలాంటివి ఒకటి రెండే, 0.478 ఎంఈవీ గామాలు సుమారు 93. బయట 2 సెం.మీ. సీసం పెట్టి e^(−μx) వేద్దాం. సీసంలో μ విలువ 2.223 ఎంఈవీకి సెంటీమీటరుకి సుమారు 0.51, 0.478 ఎంఈవీకి సుమారు 1.97. బోరాన్ లేని గోడ నుంచి 36 గామాలు బయటపడతాయి. బోరాన్ ఉన్న గోడ నుంచి రెండు రకాలూ కలిపి రెండు పైచిలుకు. మామూలు పాలిథీన్‌తోనే ఆ రెండు పైచిలుకుకి రావాలంటే 7 సెం.మీ. దాటి సీసం కావాలి. ఇందులో బిల్డప్ వేయలేదు, పాలిథీన్‌లోనే ఆగిపోయే గామాలనీ వదిలేశాను. పరీక్షలో ఆ మాట పక్కన రాయండి, ఎగ్జామినర్ చూసేది అదే.

సీసం లోపల పెడితే కుదరదా అన్నది తప్పకుండా వచ్చే ప్రశ్న. గామాలు పుట్టేది పాలిథీన్‌లో. సీసం వాటికంటే లోపల ఉంటే, దాని బయట పుట్టిన గామాని ఆపేవాళ్లే ఉండరు. అయితే ఈ నియమానికి ఒక హద్దు ఉంది. అమెరీషియం-బెరీలియం సోర్స్ న్యూట్రాన్లతో పాటు తనంతట తానే 4.44 ఎంఈవీ గామాలు కూడా వదులుతుంది. అవి క్యాప్చర్‌లో పుట్టినవి కావు. పాలిథీన్‌లో ఎంత బోరాన్ కలిపినా వాటికి ఏమీ కాదు. వాటి కోసం సోర్స్ దగ్గర సీసం పెడితే తక్కువ బరువుతో పని అవుతుంది, కానీ బయటి సీసం అవసరం అలాగే ఉంటుంది. ప్రశ్నలో సోర్స్ పేరు ఉంటే ముందు ఆ పేరు చూడండి, తర్వాతే పొరలు గీయండి.

కాడ్మియం మీద వచ్చే ప్రశ్న తిరకాసుగా ఉంటుంది. థర్మల్ న్యూట్రాన్లని మింగడంలో అది బోరాన్ కంటే గట్టిది, పల్చటి రేకు చాలు. కానీ సుమారు 0.5 ఈవీ దాటితే దాని పట్టు పోతుంది, కాబట్టి సోర్స్‌కి ఆనించి పెట్టిన రేకు ఫాస్ట్ న్యూట్రాన్లని పట్టించుకోదు. బయటి పొరగా పెడితే న్యూట్రాన్ మీటరు రీడింగ్ తగ్గుతుంది, గామా మీటరు పెరుగుతుంది. కాడ్మియం-113 ఒక్క న్యూట్రాన్‌ని మింగితే మొత్తం 9 ఎంఈవీ దాకా శక్తి గామాలుగా వెళ్లిపోతుంది మరి. లిథియం-6 దీనికి పూర్తిగా వేరు. ఆల్ఫా, ట్రిటియం వస్తాయి, ఆ చర్యలో గామా ఉండదు.

షీల్డ్ లోపల నిజంగా ఎవరు మింగుతున్నారో గామా స్పెక్ట్రమ్ చెబుతుంది. 2.223 ఎంఈవీ శిఖరం ఎత్తుగా ఉంటే హైడ్రోజన్ మింగుతోందని అర్థం: ఎక్కడో బోరాన్ లేని ముక్క ఉండొచ్చు, లేదా దగ్గర్లో నీళ్లో మామూలు పాలిథీనో ఉండొచ్చు. జెర్మేనియం డిటెక్టర్‌లో 478 కేఈవీ శిఖరం మిగతా వాటిలా సన్నగా ఉండదు, వెడల్పుగా కనిపిస్తుంది. లిథియం-7 కేంద్రకం ఇంకా పరుగెడుతుండగానే గామా వదిలేస్తుంది కాబట్టి డాప్లర్ వల్ల శక్తి అటూ ఇటూ జరుగుతుంది. పక్కనే ఉండే 511 కేఈవీ శిఖరంతో కలిపి స్పెక్ట్రమ్ చూపించి ఇందులో బోరాన్‌ది ఏదని అడిగితే, ముందు శక్తి విలువ చదవండి. 511 కూడా మామూలు శిఖరాల కంటే కొంచెం వెడల్పే, కానీ బోరాన్‌ది దానికంటే బాగా వెడల్పుగా ఉంటుంది.