కొండ మీది గింజలు, కొండ కింది గింజలు: మూడో వారం

పాడేరు వైపు కాఫీ తోట ఉన్న ఫ్రెండ్ ఒకడు ఈసారి రెండు సంచులు పంపాడు. రెండూ సెలక్షన్ 795 రకమే, రెండూ వాష్డ్, అంటే పండు గుజ్జు తీసి కడిగినవే, ఎండబెట్టింది కూడా ఒకే కల్లంలో. తేడా అల్లా ఒకటి సుమారు 900 మీటర్ల దగ్గర పలచటి నీడలో పెరిగింది, ఇంకోటి 1250 మీటర్ల దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల కింద, మిరియాల తీగల మధ్య పెరిగింది. ఇంత దగ్గరి జత దొరకడం కష్టం, అందుకే ఎత్తూ నీడా రుచిని ఎలా మారుస్తాయో చూద్దామని కొంపల్లి ఇంటి బాల్కనీలో మూడు వారాలుగా దీని మీదే ఉన్నా.

ముందు పచ్చి గింజలు తూచా. 250 మి.లీ. కప్పు నిండా పోసి, నాలుగుసార్లు నేలకి తట్టి, పైన స్కేలుతో చదును చేసి, ఒక్కోటి మూడేసి సార్లు. కిందివి 168 గ్రాములు వచ్చాయి, పైవి 179. తేమలో తేడా ఉంటే ఈ లెక్క పనికిరాదు, కానీ మావాడు మీటర్ పెట్టి చూశాడు, రెండూ 11 శాతం దగ్గరే. కళ్లతో చూసినా తెలుస్తోంది, కింది గింజకి మధ్య గీత కొంచెం తెరుచుకుని తిన్నగా ఉంది, పైదానికి బిగుసుకుపోయి వంకరగా ఉంది.

ఎందుకంటే వంద మీటర్లు పైకెళ్తే ఇంచుమించు 0.6 డిగ్రీలు చల్లబడుతుంది, అంటే ఈ రెండింటి మధ్య దాదాపు రెండు డిగ్రీలు. మధ్యాహ్నం ఎండ నేరుగా ఆకు మీద పడకుండా నీడ కూడా అదే పని చేస్తుంది. చల్లగా ఉంటే పండు నెమ్మదిగా ముదురుతుంది, గింజలోకి చక్కెరలు, ఆమ్లాలు, వాసనకి మూలమయ్యే పదార్థాలు చేరడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి. పైగా నీడలో చెట్టుకి కాయలు తక్కువ పడతాయి, ఉన్న కాయలకి ఆకుల నుంచి వచ్చే తిండి ఎక్కువ అందుతుంది. ఒకే వానకి రెండు చోట్లా పూత వచ్చినా, కింద నవంబర్ మొదట్లో కోత మొదలైతే పైన డిసెంబర్ ఆఖరిదాకా సాగిందట.

మొదటి వారం వేయించిన బ్యాచ్ పాడుచేశా. చేత్తో తిప్పే డ్రమ్‌లో 200 గ్రాముల చొప్పున, రెండింటికీ ఒకే మంట, ఒకే 10 నిమిషాలు. కప్పులో పైది పుల్లగా తగిలితే కాఫీవాళ్లు బ్రైట్‌నెస్ అనే మంచి పులుపు ఇదే అనుకుని సంబరపడ్డా, మా అమ్మ ఒక గుక్క తాగి "ఏంట్రా, పచ్చి బఠాణీ వాసనొస్తోంది" అంది. గింజ కొరికి చూస్తే బయట గోధుమ రంగు, లోపల ఇంకా లేత పసుపు. దట్టమైన గింజ లోపలిదాకా వేడి వెళ్లాలంటే మొదట్లోనే ఎక్కువ మంట కావాలి, నేను ఇవ్వలేదు. పచ్చిగా ఉన్న పులుపు నాలుకని పట్టేస్తుంది, మింగాక గడ్డి వాసన మిగులుతుంది. మంచి పులుపు పండిన కమలాలా ముందు తగిలి, చివరికి తీపిలోకి జారుతుంది.

రెండో వారం పైదానికి మొదటి నాలుగు నిమిషాలు మంట పెంచి, రెండింటినీ గడియారం చూసి కాకుండా ఫస్ట్ క్రాక్, అంటే గింజలు మొదటిసారి చిటపటమన్న తర్వాత నిమిషంన్నరకి దించా. అయినా కప్పులో రెండూ ఒకేలా చప్పగా ఉన్నాయి. తప్పు మా బోర్ నీళ్లది, వాటిలో ఉండే బైకార్బనేట్ కాఫీలో ఉన్న పులుపుని మింగేస్తుంది. ఆర్‌ఓ నీళ్లు నాలుగు వంతులకి బోర్ నీళ్లు ఒక వంతు కలిపితే (పూర్తిగా ఆర్‌ఓ పోస్తే మళ్లీ పదునుగా, పలచగా ఉంటోంది) అప్పుడు విడిపోయాయి.

ఈ వారం 200 మి.లీ.కి 11 గ్రాములు, నాలుగు నిమిషాలకి పైతెట్టు కలిపి, పన్నెండో నిమిషం నుంచి చల్లారేదాకా రుచి చూశా. కిందిది వేరుశెనగ, కోకో, తర్వాత కూడా అదే. పైది వేడిగా ఉన్నప్పుడు మామూలుగానే ఉంది, గోరువెచ్చగా అయ్యాక బత్తాయి, ఇంకా చల్లారాక బెల్లం పాకం, చివర్లో మిరియం లాంటి చిన్న ఘాటు. ఇవే గింజల్ని ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ వేయిస్తే రెండూ మళ్లీ ఒకటే అయిపోయాయి, పులుపంతా పోయింది.

ఒక మాట, ప్యాకెట్ మీద 1900 మీటర్లు అని ఉన్న ఇథియోపియా గింజతో మన 1250ని నేరుగా పోల్చకూడదు. మన మన్యం భూమధ్యరేఖకి 18 డిగ్రీలు ఉత్తరాన ఉంది, కాయ ముదిరే నెలల్లోనే రాత్రుళ్లు వణికిస్తాయి, అందుకే తక్కువ ఎత్తులో కూడా ఆ చల్లదనం దొరుకుతుంది.

నా పోలికలో ఇంకో లోటుంది, పైదానికి ఎత్తూ ఎక్కువే, నీడా ఎక్కువే, ఏది ఎంత చేసిందో విడదీయలేను. వచ్చే కోతలో కింద తోటలోనే పనస చెట్ల కింద దట్టమైన నీడ ఉన్న మూల నుంచి ఒక రెండు కిలోలు విడిగా కోయించమని అడిగా, సరే అన్నాడు.