పాలకేంద్రంలో లాక్టోమీటరు, బడిలో హైడ్రోమీటరు

1996 నవంబరు 6 తుపాను మా కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలనీ పడగొట్టింది. మాది పదో తరగతి. బడి మళ్ళీ తెరిచాక సాయంత్రం స్టడీ అవర్లు ఎలాగా అని అందరూ అనుకుంటుంటే, సైన్సు మాస్టారు మైకుసెట్టు బ్యాటరీ బయటికి తీయించారు. 12 వోల్టులు, 60 ఆంపియర్ అవర్లు. దానికి 40 వాట్ల మోటారు బల్బు ఒకటి తగిలించారు. రాత్రికి మూడు గంటల వెలుగు. బ్యాటరీలోని యాసిడ్ నీళ్ళకన్నా ఎన్ని రెట్లు బరువో చెప్పే గ్రావిటీని రోజూ హైడ్రోమీటరుతో చూసి, పుస్తకంలో రాసే పని నాకు అప్పగించారు.

హైడ్రోమీటరు మొదటిసారి పట్టుకున్నప్పుడే అది మా పాలకేంద్రంలో చూసే లాక్టోమీటరుకి చుట్టమని తెలిసిపోయింది. పాలలో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు కిందికి దిగుతుంది. ఇక్కడా అంతే. మొదటి రోజు 1.250. రెండో రోజు 1.225. రోజుకి సుమారు పాతిక పాయింట్ల చొప్పున తగ్గుతూ నాలుగు రాత్రులయ్యేసరికి 1.145కి వచ్చింది. "మాస్టారూ, మూత తీయకుండా ఇందులో నీళ్ళు ఎవరు కలుపుతున్నారండీ?" అనడిగాను. "బల్బు వెలిగించినప్పుడల్లా బ్యాటరీయే కలుపుకుంటోందిరా" అని బోర్డు మీద రాశారు:

Pb + PbO2 + 2H2SO4 → 2PbSO4 + 2H2O

ఒక పలక సీసం, రెండోది సీసం డయాక్సైడ్. కరెంటు ఇస్తున్నంతసేపూ యాసిడ్‌లోని సల్ఫేటు రెండు పలకలకీ పట్టుకుని లెడ్ సల్ఫేటుగా మారుతుంది. యాసిడ్‌లోని హైడ్రోజన్, డయాక్సైడ్ పలక వదిలిన ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. బరువైన యాసిడ్ పోయి దాని చోట తేలికైన నీళ్ళు వస్తుంటే సాంద్రత తగ్గక ఏం చేస్తుంది?

లెక్క కూడా మా చేతే చేయించారు. ఒక్క ఆంపియర్ అవర్‌కి ప్రతి సెల్‌లోనూ సుమారు 3.66 గ్రాముల యాసిడ్ ఖర్చవుతుంది, 0.67 గ్రాముల నీరు పుడుతుంది. 40 వాట్ల బల్బు 12 గంటలు వెలిగితే 40 ఆంపియర్ అవర్లు. అంటే సెల్‌కి 146 గ్రాముల యాసిడ్ పోయి, 27 గ్రాముల నీరు చేరినట్టు. సెల్‌లో ముప్పావు లీటరు ద్రావణం ఉందనుకున్నాం. 1.250 దగ్గర అందులో యాసిడ్ 315 గ్రాములు. 146 పోతే మిగిలేది 170కి కాస్త తక్కువ. ద్రావణంలో మూడోవంతు ఉండే యాసిడ్ అయిదోవంతుకి పడిపోయిందన్నమాట. పట్టికలో చూస్తే 1.14 చిల్లర. మా పుస్తకంలోని అంకె కూడా దాదాపు అదే! లెక్కల్లో నాకు 35 మార్కులు దాటడమే కష్టం. ఆ రోజు మాత్రం భలే గర్వపడ్డాను.

ఆ గర్వంతోనే వెధవ పని చేశాను. అయిదో రోజు బల్బు ఎర్రబడింది. తగ్గింది యాసిడే కదా, పోస్తే సరిపోతుంది అనుకుని, మైకుసెట్లాయన దగ్గర చిక్కటి యాసిడ్ అడిగి తెచ్చి, ఒక సెల్‌లో ద్రావణం కొంత తీసేసి ఇది పోశాను. హైడ్రోమీటరు రబ్బరు బుడగ నొక్కుతూ బాగా కలిపి చూస్తే 1.250! కానీ బల్బు వెలుగు ఏమీ పెరగలేదు.

మాస్టారొచ్చి పుస్తకం చూశారు. "యాసిడ్ పోశావా?"

"ఆయ్, పోశానండి."

ఆయన తిట్టలేదు. పాలకేంద్రంలో మోసం పట్టుకున్న సంగతి చెప్పమన్నారు. నీళ్ళ పాలలో పంచదార కలిపితే లాక్టోమీటరు మళ్ళీ పైకి లేస్తుంది, పాలు మాత్రం చిక్కబడవు. నేను చేసింది అదే. పలకల మీది సల్ఫేటు ఎక్కడిదక్కడే ఉంది. కరెంటు ఇవ్వాల్సిన సీసం, డయాక్సైడ్ చాలావరకు దాని కిందే ఉండిపోయాయి. బయటి నుంచి యాసిడ్ చేరాక, గ్రావిటీ చూసి చార్జి చెప్పే వీలు ఆ సెల్‌కి లేకుండా పోయింది.

ఆ మర్నాడు జనరేటరు ఉన్న చోట చార్జింగ్ పెట్టించారు. మిగతా అయిదు సెల్స్ బుద్ధిగా 1.250కి వచ్చాయి. చార్జింగ్‌లో పలకల మీది సల్ఫేటు యాసిడ్‌గా తిరిగి వస్తుంది కదా, నా సెల్‌లో అది నేను పోసిన దానికి తోడై 1.340కి చేరింది. అంత ఘాటు యాసిడ్ పలకలనే తినేస్తుంది. మాస్టారు దగ్గర నిలబడి, కొంచెం కొంచెం తీయిస్తూ డిస్టిల్డ్ వాటర్ పోయించారు. దించడానికి సాయంత్రం దాకా పట్టింది.

మామూలుగా తగ్గేది నీరే, చార్జింగ్‌లో బుడగలై, కొంత ఆవిరై. అందుకే బ్యాటరీలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. అదీ చార్జింగ్ అయ్యాక పోయాలి. పోసిన వెంటనే గ్రావిటీ చూస్తే పైన తేలే నీళ్ళే చూస్తాం. దిగిపోయిన బ్యాటరీని వారాల తరబడి మూల పడేసినా ప్రమాదమే. మెత్తటి సల్ఫేటు గట్టి పలుకులుగా పెరిగిపోతుంది. అప్పుడు చార్జింగ్‌లో బుడగలు వస్తూనే ఉంటాయి, గ్రావిటీ మాత్రం 1.180 దగ్గరో ఎక్కడో ఆగిపోయి కదలదు.

మరుసటి ఏడాది ఆగస్టు 15కి ఆ మైకు మధ్యలో మూగబోయింది. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. తమ్ముడు చెప్పాడు, పోయింది ఒక్క సెల్లేనట. ఏ సెల్లో నేను అడగలేదు.