కూర్చోకముందు ఒక ప్రశ్న

డిసెంబరు, మంగళవారం

పొద్దున బడికి బండి మీద వస్తుంటే వేళ్లు కొంకర్లు పోయాయి. ఆదిలాబాద్ చలి అంటే చలే. ఇంకో రోజైతే తిట్టుకునేవాణ్ణి. ఇవాళ ఎనిమిదో తరగతికి ఫస్ట్ పీరియడ్‌లో ఉష్ణం పాఠం మొదలుపెట్టాలి, దానికి ఈ చలి ఉండాల్సిందే.

ఎందుకంటే పోయినసారి ఇదే పాఠాన్ని ఏప్రిల్ మధ్యాహ్నం మొదలుపెట్టి పరువు పోగొట్టుకున్నాను. బెంచీ చెక్కని ఒక చేత్తో, దాని ఇనుప కాలుని ఇంకో చేత్తో పట్టుకోమని, "ఏది చల్లగా ఉంది?" అని అడిగాను. "రెండూ ఒకేలా ఉన్నాయి సార్" అన్నారు. నేను కూడా పట్టుకుని చూశాను. నిజమే, తేడా లేదు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికెళ్లాక తట్టింది. అరచేతి చర్మం 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ రోజు గది కూడా అంతే ఉంది. చేతికీ ఇనుముకీ తేడా లేకపోతే చేతిలోంచి వేడి ఎటు పోతుంది? ఎటూ పోదు. ప్రయోగం తప్పు కాదు, నేను పెట్టిన రోజు తప్పు.

ఇవాళ బెల్లు కొట్టకముందే వెళ్లి, థర్మామీటర్లు రెండింటినీ ఒక బెంచీకి కట్టాను. ఒకదాని బల్బు చెక్కకి ఆనేలా, ఇంకోదాని బల్బు ఇనుప గొట్టానికి ఆనేలా పెట్టి, పైన దూది ఉంచి దారం చుట్టాను. దూది లేకపోతే అది గాలి వేడినే చూపిస్తుంది. ల్యాబులో ఉండేవే వాడాలి, జ్వరం చూసేది 35 కన్నా కిందికి చూపించదు. తర్వాత రెండింటి మీదా పేపరు చుట్టి అంకెలు దాచేశాను.

పిల్లలు లోపలికి రాగానే "ఎవరూ కూర్చోవద్దు" అన్నాను. పనిష్‌మెంట్ అనుకున్నట్టున్నారు, మొహాలు మాడిపోయాయి. కూర్చుంటే చెక్క ఒంటి వేడికి వెచ్చబడుతుంది, ఇక పోలిక చెడిపోతుంది. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు.

"ఎడమ చెయ్యి చెక్క మీద, కుడి చెయ్యి ఇనుప కాలు మీద. ఇప్పుడు కళ్లు మూసుకోండి. ఇనుము చల్లగా ఉందనుకునేవాళ్లు చెయ్యెత్తండి."

కళ్లు మూయించడం అలవాటు చేసుకున్నాను. లేకపోతే క్లాసంతా ఫస్ట్ ర్యాంకు అమ్మాయి చెయ్యెత్తిందా లేదా అని చూస్తుంది. ఇవాళ అందరి చేతులూ లేచాయి.

"సరే, కళ్లు తెరవండి. ఈ బెంచీ రాత్రంతా ఎక్కడుంది?"

"ఇక్కడే సార్."

"చెక్క?"

"అదీ ఇక్కడే."

"మరి ఇనుము ఒక్కటే ఎందుకు చల్లబడింది?"

ఇక్కడ నేను నోరు మూసుకోవాలి. నాకు కష్టమైన పని ఇదే. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో క్లాసులు గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయనీ తేల్చింది. చదివినప్పుడు నవ్వుకున్నాను గానీ నేనూ అంతే. అందుకే చాక్‌పీసుని వేళ్ల మధ్య ఐదుసార్లు తిప్పేదాకా మాట్లాడకూడదని పెట్టుకున్నాను. నాలుగోసారి తిప్పుతుండగా వెనక బెంచీ నుంచి వచ్చింది: "ఇనుము చలిని లాక్కుంటుంది సార్."

భలే జవాబు. తప్పే, కానీ వాడి సొంతం. బోర్డు మీద వాడి మాటల్లోనే రాసి, ఇంకేమన్నా ఉందా అని అడిగాను. "ఇనుము సహజంగానే చల్లటిది" అని ఇంకో అమ్మాయి. అదీ రాశాను. దేన్నీ కొట్టెయ్యలేదు.

"అయితే థర్మామీటరు పెడితే ఇనుము ఎన్ని డిగ్రీలు తక్కువ చూపిస్తుంది? నోట్సులో ఒక అంకె రాసుకోండి." రాయించకపోతే తర్వాత అందరూ నాకు ముందే తెలుసు సార్ అంటారు. ఐదు అని కొందరు, పది అని కొందరు. ఒకడు ఏకంగా సున్నా దగ్గర ఉంటుందన్నాడు.

పేపరు తీసి, ఇద్దర్ని పిలిచి చదవమన్నాను. మొదటివాడు బల్బు దగ్గర పట్టుకుని ఇరవై ఆరు అన్నాడు. "చెయ్యి తియ్యి, నువ్వు నీ వేళ్ల వేడిని చదువుతున్నావు" అని కాసేపు ఆగాం. తర్వాత చెక్క 19 అన్నాడు. రెండో అమ్మాయి "ఇనుము పంతొమ్మిదిన్నర సార్" అంది. చలిగా తగిలిందే అర డిగ్రీ ఎక్కువంటే గోల గోల. ఆ అర డిగ్రీ థర్మామీటరు లోపమే, అటుదిటు మార్చి కట్టి చూపిస్తే అదే థర్మామీటరు చెక్క మీద కూడా అర డిగ్రీ ఎక్కువ చూపించింది.

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. "థర్మామీటరు తప్పా, చెయ్యి తప్పా?"

క్లాసు రెండుగా చీలింది. చివరికి చెప్పాను, రెండూ తప్పు కాదు, రెండూ వేరే వేరే సంగతులు చెబుతున్నాయని. థర్మామీటరు ఇనుము ఎంత వేడిగా ఉందో చెబుతుంది. చెయ్యి మాత్రం తన వేడి ఎంత తొందరగా బయటికి పోతోందో చెబుతుంది. చెయ్యి 33, బెంచీ 19, కాబట్టి వేడి చేతిలోంచే బెంచీలోకి పోతుంది. చెక్కలో అయితే తాకినచోటే నిలిచిపోతుంది, కాసేపటికి అక్కడ వెచ్చబడుతుంది. ఇనుములో అయితే ఎప్పటికప్పుడు గొట్టం పొడవునా సాగిపోతుంది, చెయ్యి ఇంకా ఇస్తూనే ఉండాలి. "చలి ఎక్కడినుంచీ రాలేదు, నీ వేడే పోయింది" అని వెనక బెంచీవాడికి చెప్పాను. వాడి మొహం చూస్తే నమ్మినట్టు లేదు.

నమ్మకపోతాడని తెలిసే రోడ్డు మీది సోడా బండి దగ్గర ఐసు తెచ్చి ఫ్లాస్కులో పెట్టుకున్నాను. మధ్యాహ్న భోజనం వండే అక్కని అడిగి అల్యూమినియం డేగిసా మూత తెచ్చాను. "ఒక ఐసు ముక్క మూత మీద, అంతే ముక్క చెక్క మీద. ఏది ముందు కరుగుతుంది?" చల్లగా ఉండేది మూత కదా, అందుకని ముప్పాతిక మంది చెక్క మీదిదే అన్నారు. ఐదు నిమిషాల్లో మూత మీది ముక్క నీళ్లయిపోయింది. చెక్క మీది సగం కూడా తగ్గలేదు. ఐసు సున్నా, మూత 19. ఇప్పుడు వేడి ఇచ్చేది మూత, తొందరగా ఇచ్చేదీ అదే.

వెనక బెంచీవాడు మూతని అరచేత్తో రెండుసార్లు తడిమాడు. "సార్, మరి మే నెలలో మా ఇంట్లో స్టీలు గ్లాసు నీడలో ఉన్నా వేడిగా తగులుతది, చెక్క తగలదు. అప్పుడు అటునుంచి ఇటా?" అన్నాడు.

నా నోట్సులో ఈ ప్రశ్న లేదు. పోయినేడు నేను బోల్తా పడ్డచోటే వాడు తనంతట తాను వచ్చి నిలబడ్డాడు. అవునన్నాను. "మరి రెండూ ఒకేలా తగిలే రోజు కూడా ఉంటదా?" అని పక్కవాడు. బెల్లు కొట్టింది. ఆ రోజు థర్మామీటరు ఎంత చూపిస్తుందో రేపు రాసుకుని రమ్మన్నాను.

మూత తిరిగి ఇవ్వడం మరిచిపోయాను. పన్నెండింటికి అక్క క్లాసుకే వచ్చి పట్టుకుపోయింది, పప్పు మీద ఇంతసేపూ పళ్లెం కప్పిందట.

రేపు ఐసు ముక్కకి స్వెటరు కప్పి అడగాలి, ముందు కరుగుతుందా, ఆలస్యంగానా అని. చేపల కొట్టు నడిపేవాళ్ల అమ్మాయి ఒకతి ఉంది క్లాసులో, ఆమెకి జవాబు తెలిసిపోతుంది. ఆమెని ఆఖర్న అడగాలి.